బీ నెగటివ్ రక్తం కావాలా? ఎవరిది ఎవరికి ఎక్కించవచ్చంటే..

‘అర్జెంట్.. బీ నెగటివ్ రక్తం కావాలి’ అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. మీది ఓ నెగటివ్. మన గ్రూపు కాదులే అని వదిలేస్తారు. నిజానికి మీ రక్తం ఆ రోగికి పనికొస్తుంది.

గ్రూపును ఎలా నిర్ణయిస్తారు?

ఎర్ర రక్తకణాల మీద ఉండే యాంటీజెన్లను బట్టి. ‘ఏ’ ఉంటే ఏ గ్రూపు, ‘బీ’ ఉంటే బీ, రెండూ ఉంటే ఏబీ, రెండూ లేకపోతే ఓ. మన కణాలపై లేని యాంటీజెన్‌ను ఎదిరించే యాంటీబాడీలు ప్లాస్మాలో ముందే ఉంటాయి. బీ రోగికి ఏ రక్తం ఎక్కిస్తే అవి ఆ కణాలను పగలగొట్టేస్తాయి.

మరి పాజిటివ్, నెగటివ్?

కణాలపై ‘డీ’ అనే మరో యాంటీజెన్ ఉంటే పాజిటివ్, లేకపోతే నెగటివ్. డీని ఎదిరించే యాంటీబాడీలు మాత్రం సాధారణంగా ముందుగా ఉండవు. పాజిటివ్ రక్తం ఒకసారి లోపలికి వెళ్లాకే తయారవుతాయి. నెగటివ్ ఆడపిల్లకు పాజిటివ్ రక్తం ఎక్కిస్తే, రేపు గర్భంలోని పాజిటివ్ బిడ్డ రక్తకణాలపై అవి దాడి చేయవచ్చు. అందుకే అక్కడ అంత జాగ్రత్త. ప్రాణం మీదకు వచ్చి నెగటివ్ దొరకనప్పుడు, ముఖ్యంగా మగవారికి, డాక్టర్లు పాజిటివ్ ఎక్కించే సందర్భాలూ ఉన్నాయి.

ఎవరికి ఎవరి ఎర్రకణాలు?

| రోగి గ్రూపు | పాజిటివ్ రోగికి | నెగటివ్ రోగికి |
|---|---|---|
| ఓ | ఓ | ఓ నెగటివ్ |
| ఏ | ఏ, ఓ | ఏ నెగటివ్, ఓ నెగటివ్ |
| బీ | బీ, ఓ | బీ నెగటివ్, ఓ నెగటివ్ |
| ఏబీ | అన్ని గ్రూపులూ | నెగటివ్‌లన్నీ |

(మధ్య గడిలోని గ్రూపుల్లో పాజిటివ్, నెగటివ్ రెండూ పనికొస్తాయి.)

మొదటి మెసేజ్‌కే వద్దాం. ఆఫీసు నుంచి ముగ్గురు బయల్దేరారు. బీ పాజిటివ్ వ్యక్తిలో డీ ఉంది, కుదరదు. ఏబీ నెగటివ్‌లో ‘ఏ’ ఉంది, అదీ కుదరదు. ఓ నెగటివ్‌లో మూడూ లేవు కాబట్టి అతనిది పనికొస్తుంది.

ప్లాస్మాకూ ఇదే పట్టికా?

కాదు, తిరగబడుతుంది. ఏబీ ప్లాస్మాలో ఏ, బీలను ఎదిరించే యాంటీబాడీలు ఉండవు. కాబట్టి అది ఏ గ్రూపు రోగికైనా ఇవ్వవచ్చు.

గ్రూపు కలిస్తే చాలా?

చాలదు. రోగి రక్తాన్ని దాత రక్తంతో కలిపి చూసే క్రాస్ మ్యాచింగ్ తప్పనిసరి. 1952లో ముంబయిలో గుర్తించిన ‘బాంబే గ్రూపు’ మామూలు పరీక్షలో ఓ లాగే కనిపిస్తుంది. కానీ వారికి ఓ రక్తం కూడా సరిపడదు.

పొరపాటు జరిగితే ఎలా తెలుస్తుంది?

చాలాసార్లు తప్పు జరిగేది పరీక్షలో కాదు, పేర్లు తారుమారు కావడంలో. బ్యాగు ఎక్కించే ముందు దాని మీది పేరు, నంబరు, గ్రూపు మీరూ ఒకసారి చూడండి. మొదలుపెట్టిన కొద్దిసేపట్లోనే చలి, జ్వరం, నడుం నొప్పి, ఆయాసం వచ్చినా, మూత్రం ఎర్రగా లేదా ముదురు రంగులో వచ్చినా వెంటనే నర్సుకు చెప్పి ఆపించండి. ఆ బ్యాగును పారేయనివ్వకండి, బ్లడ్ బ్యాంకు మళ్లీ పరీక్షించేది దాన్నే.