జనపనార మిల్లు గుమాస్తాలు నేర్పిన పాఠం

“డాక్టరుగారూ, రోజూ పొద్దున అరగంట నడుస్తున్నాను. అయినా బరువు తగ్గడం లేదేమిటి?” నా వైద్యవృత్తి పొడవునా కార్యాలయ ఉద్యోగులు ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. దీనికి సమాధానం వెతకాలంటే డెబ్బై ఏళ్ల వెనక్కి, కలకత్తా సమీపంలోని ఒక జనపనార మిల్లుకు వెళ్లాలి.

హుగ్లీ తీరపు మిల్లులు తెలుగువారికి కొత్తవి కావు. శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు అక్కడికి వలస వెళ్లాయి. అటువంటి మిల్లులో హార్వర్డ్ పోషకాహార శాస్త్రజ్ఞుడు జీన్ మేయర్, రాయ్, మిత్రా అనే సహచరులతో కలిసి 213 మంది పురుషుల ఆహారాన్నీ, బరువునూ, శ్రమనూ పరిశీలించి 1956లో ఫలితాలు ప్రకటించాడు. వారిలో దుకాణంలో రోజంతా కూర్చునేవారు, గుమాస్తాలు, నేతపనివారు, బొగ్గు మోసేవారు అందరూ ఉన్నారు. తేలికపాటి పని నుంచి బరువైన పని వరకు, శ్రమ పెరిగినకొద్దీ తిండి పెరిగింది, బరువు మాత్రం నిలకడగా ఉంది. విచిత్రం ఎక్కడంటే, కదలిక మరీ తక్కువైన చోట ఆకలి తగ్గలేదు. రోజంతా కూర్చునేవారు తేలికపాటి పనివారికంటే ఎక్కువే తిన్నారు, వారికంటే ఎక్కువ బరువూ ఉన్నారు. అనగా, కదలిక ఒక హద్దు దాటి తగ్గితే ఆకలి దానికి తగ్గట్టు తగ్గడం మానేస్తుంది.

అయితే ఈ పరిశీలనకు ఒక పరిమితి ఉంది. కూర్చోవడం వల్ల లావయ్యారా, లావుగా ఉన్నవారే కూర్చునే పనిలో చేరారా? ఇదే సందేహం లండన్‌లోనూ ఎదురయింది. అక్కడ జెర్రీ మోరిస్ బృందం బస్సు సిబ్బంది యూనిఫాం కొలతలు చూడగా, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకంటే కూర్చుని నడిపే డ్రైవర్ల నడుము కొలత పెద్దదిగా తేలింది. కానీ ఆ తేడా పిన్న వయస్కులలోనూ కనిపించింది. కాబట్టి నేరమంతా ఉద్యోగానిదే అనడానికి వీలు లేకపోయింది.

ఈ చిక్కును కొంతవరకు విప్పినవాడు అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు జేమ్స్ లెవైన్. 1999లో ప్రకటించిన ప్రయోగంలో, ఊబకాయం లేని 16 మందికి ఎనిమిది వారాలపాటు రోజూ అవసరానికి మించి 1,000 కేలరీలు తినిపించారు. వ్యాయామం పెంచనివ్వలేదు. అయినా ఒకరికి అరకిలో కొవ్వు కూడా పెరగలేదు. మరొకరికి నాలుగు కిలోలు దాటింది. తేడా ఎక్కడుందని వెతికితే, వ్యాయామం కాని చిన్న కదలికలలో దొరికింది: లేవడం, నిలబడడం, ఇటూ అటూ తిరగడం. తెలియకుండానే ఇవి పెరిగినవారు కొవ్వు కూడబెట్టలేదు.

2005లో ఆయన పది మంది సన్ననివారికీ, కాస్త ఊబకాయమున్న పది మందికీ లోదుస్తులలో సెన్సర్లు అమర్చి పది రోజులు గమనించాడు. రెండవవర్గంవారు రోజుకు రెండు గంటలకు పైగా ఎక్కువ కూర్చున్నారు. సన్ననివారివలె మెలిగితే వారికి రోజుకు సుమారు 350 కేలరీలు అదనంగా ఖర్చయ్యేవని లెక్క తేలింది. బరువు తగ్గించినా, పెంచినా ఈ కూర్చునే అలవాటు మారలేదు. అందువల్ల కొంత భాగం పుట్టుకతో వచ్చిన స్వభావమే కావచ్చు. దాన్ని సోమరితనమని నిందించడం తగదు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. 70 కిలోల ఉద్యోగి ఒకరు అరగంట చురుకుగా నడిచారనుకుందాం. కూర్చుని ఉంటే ఖర్చయ్యేదాన్ని తీసివేస్తే, నికరంగా మిగిలేది సుమారు 100 కేలరీలు. అదే వ్యక్తి కుర్చీలో గడిపే సమయంలో రెండు గంటలను నెమ్మదిగా నడవడానికీ ఇంటిపనికీ మార్చితే సుమారు 170 కేలరీలు. అరగంట నడక అలసటతో మిగతా రోజంతా కుర్చీకే అతుక్కుపోతే, మొదటి లాభం కూడా కరిగిపోతుంది. ఇది మీ విషయంలో జరుగుతోందో లేదో తెలుసుకోవడం సులభం. ఫోనులో అడుగుల లెక్క చూడండి. నడకకు వెళ్లిన రోజు మొత్తంలోంచి ఆ నడక అడుగులు తీసివేయండి. మిగిలినది నడవని రోజు లెక్కకంటే తక్కువైతే, ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకుంటున్నారన్నమాట.

కేవలం నిలబడి పనిచేసే బల్ల కొంటే ఈ లోటు తీరదు. కూర్చోవడంకంటే నిలబడడానికి గంటకు అదనంగా ఖర్చయ్యేది పది కేలరీలలోపే. లాభం నిలబడడంలో కంటే అడుగు కదపడంలో ఉంది. ఫోను వస్తే నడుస్తూ మాట్లాడడం, నీళ్ల సీసా బల్లమీద కాక దూరంగా ఉంచుకోవడం, పక్క గదివారికి సందేశం పంపక స్వయంగా వెళ్లడం వంటివే రెండు గంటలను కూడబెడతాయి. మోకాళ్ల నొప్పి, గుండెజబ్బు ఉన్నవారు తమ వైద్యుని అడిగి మొదలుపెట్టాలి.

పొద్దున నడక మానవద్దు. గుండెకూ, చక్కెర అదుపుకూ అది చేసే మేలు వేరు. కానీ బరువు లెక్కలో మిగతా పదిహేను గంటలకూ పద్దు ఉందని ఆ మిల్లు గుమాస్తాలు ఏనాడో చూపించారు.