గుడి తాళాలు ఎవరి చేతిలో?

ప్రభుత్వం గుళ్లలోంచి బయటికి పోవాలని ఈ దేశంలో గట్టిగా ఉద్యమించిన మొదటివాళ్లలో క్రైస్తవ మిషనరీలు ఉన్నారు. ఇప్పుడు ఆ నినాదం ఎవరి నోట వినిపిస్తోందో తెలిసినవాళ్లకు ఇది విడ్డూరంగా తోచవచ్చు. కథ అక్కణ్ణుంచే మొదలైంది మరి.

1801లో ఆర్కాటు నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. దాంతోపాటు తిరుమల కూడా వచ్చింది. 1803లో చిత్తూరు కలెక్టరు స్ట్రాటన్ గుడి పూజలు, ఖర్చులు, భూములన్నీ లెక్కగట్టి నివేదిక పంపాడు. 1817లో మద్రాసు ప్రభుత్వం ఏడో రెగ్యులేషన్ తెచ్చి గుళ్లు, మసీదుల మాన్యాలనూ, వాటితోపాటు వంతెనలూ సత్రాలనూ రెవెన్యూ బోర్డు అజమాయిషీ కిందికి చేర్చింది. ఆ చట్టం చూపులో గుడికీ వంతెనకూ తేడా లేదు. రెండూ ఆస్తులే, రెండింటికీ లెక్కలు కావాలి. 1821లో బ్రూస్ దొర తిరుమల పాలనకు 42 నిబంధనలు రాసిపెట్టాడు.

కంపెనీ ఖజానాకు ఈ ఏర్పాటు బాగానే ఉంది. ఇబ్బంది క్రైస్తవ అధికారులకు వచ్చింది. ఉత్సవాలకు సిపాయిలు వందనం చెయ్యాలి, తుపాకులు పేల్చాలి. విగ్రహారాధనకు ఈ కొలువు ఏమిటని మిషనరీలు ఇంగ్లండు దాకా గోల పెట్టారు. మద్రాసు సేనాధిపతి పెరెగ్రిన్ మెయిట్‌లాండ్ ఈ విషయం మీదే 1838లో పదవి వదులుకున్నాడు. చివరికి కంపెనీ చేతులు దులుపుకొంది. 1843లో తిరుమల పెత్తనం హాథీరాంజీ మఠం మహంతు సేవాదాసుకు అప్పజెప్పింది. తొంభై ఏళ్లపాటు కొండ మీద మహంతుల పాలనే సాగింది.

ఇతర గుళ్ల సంగతి 1863 చట్టం తేల్చింది. ‘భక్తుల చేతికే గుళ్లు’ అనే కోరికకు మన చరిత్రలో జరిగిన పరీక్ష అదే కాబట్టి, దాని దగ్గర కాస్త ఆగాలి. చట్టం ప్రకారం ప్రభుత్వం స్థానిక కమిటీలను నియమించి తప్పుకోవాలి. సభ్యులు ఆ మతస్థులే అయివుండాలి, ఖాళీ వస్తే ఎన్నికతో నింపాలి. చూడ్డానికి ముచ్చటైన ఏర్పాటే. కానీ ఒకసారి సభ్యుడైతే జీవితాంతం సభ్యుడే. కోర్టు తొలగిస్తే తప్ప కదిలించే దారి లేదు. మాన్యం ఎవరి పేరున కౌలుకు పోయిందో, దేవుడి నగలు ఎక్కడున్నాయో అడగాలంటే సామాన్య భక్తుడు సొంత ఖర్చుతో దావా వెయ్యాలి. తిరుమల మహంతు పాలన మీద వేసిన దావా అలాగే నడిచి నడిచి 1907లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. అంత ఓపికా డబ్బూ ఎన్ని ఊళ్లలో ఉంటాయి?

అందుకే ప్రభుత్వం మళ్లీ గుళ్లోకి వచ్చింది. ఈసారి పిలిచింది హిందువులే. జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్న పానగల్లు రాజా రామారాయణింగారు తెలుగువాడు, కాళహస్తిలో పుట్టినవాడు. ఆయన పట్టుబట్టి తెచ్చిన దేవాదాయ బిల్లు 1925లో చట్టమైంది. దాని చెల్లుబాటు మీద పేచీలు వస్తే 1927లో మళ్లీ చేశారు. తిరుమలకు 1933లో ప్రత్యేక చట్టం వచ్చింది, మహంతుల పాలన ముగిసింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1951లో మద్రాసు ప్రభుత్వం దేవాదాయ బోర్డును తీసేసి నేరుగా కమిషనర్‌ను పెట్టింది. ఆ చట్టాన్ని ఉడిపి శిరూరు మఠం స్వామి లక్ష్మీంద్ర తీర్థ సవాలు చేశారు. ఉడిపి కృష్ణుడి పూజ ఎనిమిది మఠాలకు రెండేసి ఏళ్ల చొప్పున వంతులవారీగా వస్తుంది. దాన్ని పర్యాయం అంటారు. ఆ రెండేళ్లూ అన్నదానం, ఉత్సవాలు మఠం ఖర్చే. శిరూరు వంతు 1946లో వచ్చేసరికి సరుకుల కరువు, ధరలు మండుతున్నాయి. మఠం అప్పు దాదాపు లక్షకు చేరింది. వ్యవహారాలు చూడ్డానికి పెట్టిన ఏజెంటుకూ స్వామికీ చెడింది. ఇంతలో, అప్పటికింకా ఉన్న దేవాదాయ బోర్డు మఠానికి కొత్త పాలనా పథకం రాస్తానని బయల్దేరింది.

1954లో సుప్రీంకోర్టు తీర్పు రాసింది జస్టిస్ బి.కె. ముఖర్జియా. రాజ్యాంగం 26వ అధికరణను ఆయన రెండు పాయలుగా విడదీశారు. ఏ పూజ, ఏ వేళ, ఏ నైవేద్యం అనేది మతం. అందులో బయటివాళ్లు వేలు పెట్టకూడదు. ఆస్తి నిర్వహణ చట్టానికి లోబడాలి, కానీ ఆ చట్టం నిర్వహణ హక్కునే పూర్తిగా లాగేసుకోకూడదు. ఈ కొలబద్దతోనే కమిషనరూ ఆయన సిబ్బందీ మఠంలో ఎక్కడికైనా జొరబడవచ్చన్న సెక్షన్‌ను కొట్టేశారు. ఆదాయంలో అయిదు శాతం దాకా వసూలు చేసి ప్రభుత్వ ఖజానాలో కలిపేయడం రుసుము కాదు, పన్ను అన్నారు. ఆ తర్వాత చట్టం మార్చి సొమ్మును విడి నిధిలో వేశాక, 1963లో ఆ వసూలును కోర్టే ఒప్పుకొంది.

గీత గీయడం తేలికే. దాని మీద నిలబడ్డమే కష్టమని తెలుగునాట తేలింది. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన 1987 చట్టం వంశపారంపర్య ధర్మకర్తల్నీ, అర్చకుల మిరాశీనీ ఒక్క దెబ్బతో తీసేసింది. తిరుమలలో నాలుగు అర్చక కుటుంబాలకు తరతరాలుగా పూజావంతులూ, ప్రసాదాల్లో వాటాలూ ఉండేవి. వాళ్లు కోర్టుకెక్కారు. 1996లో నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, అర్చకుడు చేసే పూజ మతం, అర్చకుణ్ణి నియమించడం లౌకికం. వంశహక్కు పోయినా రాజ్యాంగానికి భంగం లేదు. తర్కం బాగానే ఉంది. కానీ వైఖానస ఆగమం ప్రకారం పూజచేసే అర్హత పుట్టుకతోనే వస్తుందని నమ్మేవాళ్లకు, నియామకం పూజలో భాగమే. ఆ నమ్మకం తప్పా ఒప్పా అని తేల్చాల్సింది న్యాయమూర్తేనా? 2007లో శాసనసభే చట్టాన్ని సవరించి, అర్హులైన వంశీకులకు మళ్లీ దారి తెరిచింది.

ప్రభుత్వ పాలనను సమర్థించేవాళ్ల దగ్గర ఒక బలమైన వాదన ఉంది. పెద్ద గుళ్ల ఆదాయంలో వాటా సర్వశ్రేయోనిధికి చేరుతుంది. దీపానికి నూనె లేని చిన్న గుళ్లకు అలాంటి ఆసరా లేకపోతే తలుపులే తెరుచుకోవు. ఎవరి గుడి వాళ్లదే అయితే కొండ మీది హుండీ నిండుతుంది, ఊరి రామాలయం కూలుతుంది. ఎదుటిపక్షానికీ గట్టి ఆధారం ఉంది. చిదంబరం గుడి కేసులో 2014లో సుప్రీంకోర్టు, పాలన గాడి తప్పితే ప్రభుత్వం చేతిలోకి తీసుకోవచ్చు గానీ, లోపం దిద్దగానే తిరిగి ఇచ్చెయ్యాలని చెప్పింది. గడువు లేని ఈవో నియామకాలకు ఆ తీర్పు ముందు సమాధానం కష్టం. అయితే చిదంబరానికి పొదు దీక్షితులనే ఒక సంప్రదాయ వర్గం ఉంది, ఇవ్వడానికి ఒక చిరునామా ఉంది. ఏ ఒక్క సంప్రదాయానికీ చెందని ఊరి శివాలయాన్ని ఎవరికి తిరిగి ఇస్తారు? కట్టించిన జమీందారు మనవడికా, ఆర్యవైశ్య సంఘానికా, గుడి గడప తొక్కడానికే పోరాడాల్సి వచ్చిన దళితవాడకా?

గుళ్లకు స్వేచ్ఛ ఇవ్వాలనేవాళ్లు తమ ముసాయిదాలో ముందు ఈ ప్రశ్నకు జవాబు రాయాలి. ఓటర్ల జాబితాలో ఎవరుంటారు, పదవి ఎన్నాళ్లు, లెక్కల పుస్తకం ఎవరు తనిఖీ చేస్తారు? 1863 చట్టం దెబ్బతిన్నది సరిగ్గా ఈ మూడింటి దగ్గరే.