పండుగ తేదీ మారిందని గుడి కమిటీ లేఖ వస్తే: 2024 దీపావళి చెప్పే లెక్క

భిలాయి ఉక్కు కర్మాగారం చుట్టూ, హథ్‌ఖోజ్ లాంటి పారిశ్రామిక వాడల్లో ఉండే తెలుగు కుటుంబాలకు పండుగ తేదీ అంటే షిఫ్టు మార్చుకోవడం, సెలవు పెట్టుకోవడం. అందుకే 'అర్చకస్వాములు తిథిని పునఃపరిశీలించినందున పండుగ ఫలానా రోజుకు మార్చడమైనది' అని గుడి కమిటీ నుంచి రెండు వరుసల లేఖ వచ్చినప్పుడు మొదట వచ్చేది భక్తి కాదు, చిరాకు. పంచాంగం ముందే అచ్చయింది కదా, ఇప్పుడు మారిందేమిటి?

చాలాసార్లు మారేది లెక్క కాదు, నిర్ణయం. 2024 దీపావళే ఇందుకు మంచి ఉదాహరణ.

చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరగడానికి పట్టే కాలం ఒక తిథి. అది సుమారు 20 గంటల నుంచి దాదాపు 27 గంటల దాకా ఉంటుంది కాబట్టి మన తేదీల గడుల్లో ఇమడదు. ఆ ఏడాది దృక్ గణితం ప్రకారం ఆశ్వయుజ అమావాస్య అక్టోబర్ 31 మధ్యాహ్నం 3:52కు మొదలై, నవంబర్ 1 సాయంత్రం 6:16కు ముగిసింది. లక్ష్మీపూజకు ప్రదోషంలో అమావాస్య ఉండాలి. సూర్యాస్తమయం నుంచి ఆరు ఘడియలు, అంటే 2 గంటల 24 నిమిషాలు ప్రదోషమని ఎక్కువమంది తీసుకుంటారు. 31న ప్రదోషమంతా అమావాస్యే. 1న మాత్రం మొదట్లో కొంతసేపే ఉంది. రెండు రోజులూ తిథి ప్రదోషాన్ని తాకినప్పుడు ఏది తీసుకోవాలన్న దగ్గరే పండితులు విడిపోయారు. నిండుగా ఉన్న రోజే ముఖ్యమని కొందరన్నారు. రెండో రోజు అస్తమయం తర్వాత కనీసం ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు అమావాస్య ఉంటే రెండో రోజే చేయాలని మరికొందరన్నారు.

ఇక్కడే ఊరి ప్రసక్తి వస్తుంది. అమావాస్య ముగిసే క్షణం దేశమంతటికీ ఒకటే. సూర్యాస్తమయం మాత్రం ఒకటి కాదు. నవంబర్ 1న భిలాయిలో సూర్యుడు సుమారు 5:28కి అస్తమించాడు. అంటే ఆ తర్వాత దాదాపు 48 నిమిషాలు అమావాస్య ఉంది. హైదరాబాద్‌లో అస్తమయం 5:45 ప్రాంతంలో, కాబట్టి మిగిలింది అరగంట. ముంబైలో సుమారు 6:05కి, అక్కడ మిగిలింది పదకొండు నిమిషాలే. ఘడియ నియమాన్ని కచ్చితంగా పాటిస్తే భిలాయి, హైదరాబాద్‌లకు నవంబర్ 1, ముంబైకి అక్టోబర్ 31 రావాలి. జరిగింది తిరగబడి ఉంది: తెలుగు రాష్ట్రాల్లో సెలవు 31న ఇచ్చారు, ముంబై స్టాక్ మార్కెట్ ముహూర్తపు ట్రేడింగ్ నవంబర్ 1 సాయంత్రం జరిగింది. ఏ నియమాన్ని ముందు పెట్టుకున్నారన్నదే తేదీని తేల్చిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

నిజంగా లెక్కే మారే సందర్భమూ ఉంది. సూర్యసిద్ధాంతం ఆధారంగా వేసే పంచాంగాలకూ దృక్ పంచాంగాలకూ తిథి ముగింపులో కొన్ని గంటల తేడా రావచ్చు. ఒక అర్చకుడు ఇంటి నుంచి తెచ్చుకున్న తెలుగు పంచాంగాన్ని, మరొకరు స్థానికంగా దొరికే హిందీ పంచాంగాన్ని చూస్తే ఛత్తీస్‌గఢ్‌లోని తెలుగువారి గుడిలో ఈ పేచీ సులువుగా పుడుతుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. పాత ప్రకటనలోనూ కొత్తదానిలోనూ తిథి ముగిసే సమయం ఒకటే అయితే మారింది నిర్ణయం. ఆ సమయమే వేరైతే మారింది గణితం. సమయమే రాయని లేఖలో ఏది మారిందో చెప్పలేం. అలాంటప్పుడు కమిటీని అడగడం భక్తుల హక్కు.

అందువల్ల కమిటీ లేఖలో నాలుగైదు వాక్యాలైనా ఉండాలి. ఆ దీపావళికి 31ని ఎంచుకున్న గుడి ఇలా రాస్తే సరిపోయేది: 'నవంబర్ 1న లక్ష్మీపూజ అని లోగడ తెలియజేశాము. అమావాస్య 31 మధ్యాహ్నం 3:52 నుంచి 1 సాయంత్రం 6:16 వరకు ఉన్నది. ప్రదోషమంతా అమావాస్య ఉన్న రోజునే గ్రహించాలని అర్చకస్వాములు నిర్ణయించినందున పూజ 31 సాయంత్రం జరుగును. పితృతర్పణాలు 1వ తేదీనే. కార్తికమాసం 2వ తేదీన ప్రారంభమగును. సేవా టికెట్లు తీసుకున్నవారికి అవే టికెట్లు చెల్లును.'

తర్పణాల వాక్యాన్ని చాలా కమిటీలు మరిచిపోతాయి. పూజ ఒకరోజు ముందుకు జరిగితే అమావాస్య కార్యాలన్నీ జరిగినట్టేనని ఇళ్లలో అనుకుంటారు. అది తప్పు. తర్పణానికి చూసేది సాయంత్రాన్ని కాదు, పగటి భాగాన్ని. ఆ పగలు అమావాస్య ఉన్నది నవంబర్ 1నే. 31 మధ్యాహ్నం 3:52 దాకా చతుర్దశే ఉంది, నరకచతుర్దశి తలంటు కూడా ఆ తెల్లవారుజామునే. 'పండుగ మారింది' అన్న ఒక్క మాటతో లేఖ ఆగిపోతే తండ్రి తిథి పెట్టుకునే మనిషి ఒకరోజు ముందే తర్పణం వదిలేస్తాడు.