అన్నమాచార్యుల జన్మలగ్నము

రాజంపేట చెంతనున్న తాళ్లపాక యన్నమాచార్యుల జన్మస్థానము. ఆయన మనుమఁడు చిన్నన్న తన ద్విపదకావ్యమున తాతగారి పుట్టుకను జెప్పుచు, వైశాఖమాసమును, విశాఖానక్షత్రమును, శుభలగ్నమును, ఉచ్చలందున్న మూఁడు శుభగ్రహములను బేర్కొనెను. ఇందు గడియ లేదు, లగ్నము పేరును లేదు. ఇట్టి మాటల నాధారముగాఁ గొని జాతకచక్రము వేసి, దానినుండి మరల జననకాలమును దీసినచో నది చరిత్రకు నిలుచునా?

వైశాఖమున సూర్యుఁడు మేషమునందో వృషభమునందో యుండును. బుధుఁడు సూర్యునికి 28 భాగలకు మించి దూరము పోఁడు. కావునఁ దన యుచ్చయగు కన్యలో నుండనేరఁడు. చంద్రుని యుచ్చ వృషభము. విశాఖయందలి చంద్రుఁడు తులలోనో వృశ్చికాదినో యుండును. ఇఁక శుభులలో మిగిలినవారు గురుశుక్రు లిద్దఱే. మూఁడవ యుచ్చగ్రహము రవికుజశనులలో నొకఁడు కావలెను.

వత్సరమును జూచినను జిక్కు తీఱదు. శక 1346 క్రోధి సంవత్సరమును, అవతరించిన పదాఱేండ్లకు స్వామి ప్రత్యక్షమగుటను దెలుపు తామ్రలేఖను గొందఱు 1424 జన్మవత్సరమని చదివిరి. కొందఱు క్రోధి ప్రత్యక్షమైన యేఁడనియు, జన్మము 1408 సర్వధారియనియుఁ జెప్పిరి. గణించి చూడఁగా 1408 వైశాఖమున గురుఁడింకను గర్కాటకమునకు రాలేదు. 1424 నాఁటికి దానిని దాఁటి చాల దూరము పోయెను. అనఁగా నేయేఁటను గురూచ్చ కుదరదు. కాఁగా నీ యుచ్చల మాట వేధఫలము గాదు, కవిసమయము. వాల్మీకి రామునకును, కాళిదాసు రఘువునకును నైదేసి గ్రహముల నుచ్చయందు నిలిపిరి. చిన్నన్న మూఁటితోఁ దృప్తినొందుట యొకవిధముగా మితభాషణమే!

అసలు చిక్కు లగ్నమునందున్నది. ఒక్క దినములో గ్రహములు, చంద్రుఁడు తప్ప, సామాన్యముగా రాశి మాఱవు. లగ్నము మాత్రము సుమారైదు గడియల కొకటి చొప్పునఁ బండ్రెండును దిరిగిపోవును. కావునఁ బ్రసిద్ధపురుషునికి జాతకము కల్పించువాఁడు దినమును మార్ప లేకున్నను, ఉచ్చగ్రహము కేంద్రమునఁ బడునట్లు గడియను దనయిష్టమునకు జరుపుకొనఁగలఁడు. గురుఁడు దశమమునఁ బడవలెనన్న నొక వేళ, లగ్నమునఁ బడవలెనన్న మఱియొక వేళ. ఇట్లు కీర్తినుండి లగ్నమును, లగ్నమునుండి గడియను బుట్టించి, పిదప నా గడియయే కీర్తికిఁ గారణమని చూపుదురు. ఒకే పురుషునకు రెండు మూఁడు చక్రములు దొరకి, వానిలో దినమొకటియై లగ్నములు మాత్రము వేఱైనచో, నీ పని జరిగినదని శంకింపవలెను.

నక్షత్రతిథులు నిలుచుటకుఁ గారణము వేఱు. ఏటేట జన్మోత్సవము నక్షత్రమునుబట్టియో తిథినిబట్టియో జరుగును. శ్రాద్ధము సామాన్యముగా మరణతిథినిబట్టి నడచును. పుట్టిన గడియతో నేటేటఁ బని లేదు. తాటాకు చినిఁగినచో నదియుఁ బోవును. గడియను గొలుచు గిన్నె పల్లెలలో నింటింట నుండునది గాదు. రేయి పుట్టిన బిడ్డకుఁ జుక్కలను జూచి వేళ చెప్పుచుండిరి. రాశిసంధియం దొక గడియ, అనఁగా 24 నిమిషములు, తప్పినను లగ్నము వేఱగును.

తాళ్లపాకవారి తామ్రఫలకములు నిట్లే యున్నవి. అన్నమాచార్యుల నిర్యాణము దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి (1503) యని యవి తిథితోఁ దెలుపుచున్నవి. వేళ మాత్ర మందును లేదు.