ఉక్కే, ఉక్కా, ఉక్కో: ఒక నినాదంలో మూడు అచ్చుల అతుకు

అవధారణార్థక ఏకారం, ప్రశ్నార్థక ఆకారం, సందేహార్థక ఓకారం: ఈ మూడూ ఒంటరిగా నిలవలేని పలుకులు. ఏదో ఒక మాట చివర వాలాలి. ఎక్కడ వాలవచ్చు, వాలినప్పుడు ఆ మాట ఏమవుతుంది అనేవి ఈ వ్యాసంలోని ప్రశ్నలు. పరీక్షకు ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ను తీసుకున్నాను. 1966 ఉద్యమంలో మారుమోగి, 2021లో ప్రైవేటీకరణ మాట వచ్చినప్పుడు మళ్ళీ వీధికెక్కిన నినాదమిది. ఇందులో క్రియ లేదు. ఉన్నవి రెండు నామబంధాలే కాబట్టి ఏకారం కదలిక స్పష్టంగా కనబడుతుంది.

ముందు బంధం చివర చూద్దాం. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కే’ అంటే భిక్ష కాదని అర్థం. ‘విశాఖ ఉక్కే ఆంధ్రుల హక్కు’ అంటే మరొకటి కాదని. ఆ మరొకటి ఏమిటి? బొకారో ఉక్కు కాదు అనుకోవచ్చు, విశాఖ రేవు కాదనీ అనుకోవచ్చు. ఏకారం ఉక్కు మీద ఉన్నా దాని బలం విశాఖ మీదికీ పోగలదు. ఏ మాటను ఒత్తి పలికారో వింటే తెలుస్తుంది. అచ్చులో సందర్భమే దిక్కు.

ఆ బలాన్ని నేరుగా ‘విశాఖ’కే ఇద్దామని ‘విశాఖే ఉక్కు’ అంటే వాక్యం తిరగబడుతుంది. ఊరే ఉక్కైపోతుంది! ‘ఆంధ్రులే హక్కు’ అన్నా అంతే, మనుషులే హక్కవుతారు. విశేషణంగా నిలిచిన మాటకూ దాని విశేష్యానికీ నడుమ ఏకారం దూరలేదు. దూర్చాలంటే విశేషణాన్ని సొంత కాళ్ళ మీద నిలబెట్టాలి: ‘విశాఖదే ఉక్కు’, ‘ఆంధ్రులదే హక్కు’. ‘ఆ ఓడ’ను ఒత్తి చెప్పాలన్నా ‘అదే ఓడ’ అంటాం. ‘ఆ’కు ఏకారం తగలదు, ‘అది’కే తగులుతుంది. సంఖ్యలు మాత్రం ఈ కట్టుబాటుకు లొంగవు. ‘రేవులో రెండే ఓడలున్నాయి’ అన్నది మంచి తెలుగే.

ఇక అతుకు సంగతి. ‘ఉక్కు’ చివరి ఉకారం మూడింటి ముందూ లోపిస్తుంది: ఉక్కే, ఉక్కా, ఉక్కో. చిన్నయ సూరి బాలవ్యాకరణం ఉత్వసంధిని నిత్యమన్నది ఇందుకే. పోర్టు, స్టీలు వంటి అరువు మాటలకు మనం ఉకారం తగిలించుకున్నాం గనుక పోర్టే, స్టీలా అని ఇవీ సులువుగా అతుకుతాయి. ఇకారం ‘అదే’, ‘వచ్చిందా’, ‘రేవు నుంచే’ వంటి చోట్ల పోతుంది. అకారాంతాల్లో ‘విశాఖే’కు చిక్కు లేదు. ‘విశాఖా?’ దగ్గర ప్రశ్నంతా ఒక్క దీర్ఘంలోనే ఉంటుంది. రాతలో ఆ దీర్ఘం జారితే ప్రశ్నే పోతుంది. అయితే ఆటో అతను ‘గాజువాకకా?’ అని అడిగినప్పుడు దీర్ఘం ‘కు’ మీద పడింది కాబట్టి ఆ ప్రమాదం లేదు.

దీర్ఘాచ్చు ముందుంటేనే అసలు తంటా. రెండు అచ్చుల మధ్య ఏదో ఒక హల్లు రావాలి. ‘జెట్టీయే’ అని యకారంతో గానీ, ‘జెట్టీనే’ అని నకారంతో గానీ సర్దుకుంటాం. ‘ఉక్కేనా?’లో ఏకారానికీ ఆకారానికీ మధ్య వచ్చినది ఈ నకారమే. ‘విశాఖలోనే’లోని నకారం మాత్రం పాతది, ‘లోన్’ అనే పూర్వరూపం మిగిల్చింది.

ఇలా పలుచోట్ల ‘నే’ వినబడేసరికి, అదే అసలు ప్రత్యయమన్న భ్రమ కలుగుతోంది. ‘ఉక్కునే మన హక్కు’ లాంటి వాక్యాలు అందులోంచి వచ్చేవే. వీటిని పట్టుకోవడానికి ఏకారాన్ని తీసేసి, లోపించిన ఉకారాన్ని తిరిగి పెట్టి చదవాలి. ‘ఉక్కునే కాపాడాలి’ అన్నది ‘ఉక్కును కాపాడాలి’ అవుతుంది, నిలుస్తుంది. ‘ఉక్కును మన హక్కు’ నిలవదు. అక్కడ ‘ను’ ద్వితీయా విభక్తి, దానికి క్రియ కావాలి. కనుక రెండో చోట ‘ఉక్కే’ అనే రాయాలి. ఈ పరీక్ష దీర్ఘాచ్చుల దగ్గర చాలదు. ‘జెట్టీనే’లోని నకారం విభక్తిదా, అతుకుదా అన్నది వాక్యంలో కర్మ ఏదో చూస్తే గానీ తేలదు. ‘జెట్టీనే బాగుచేశారు’లో జెట్టీ కర్మ, ‘జెట్టీనే కూలింది’లో కర్త. నా మటుకు రెండోచోట ‘జెట్టీయే’ అని రాస్తాను.

ఆకారానికి మరో హద్దుంది. వాక్యంలో ఎప్పుడు, ఎవరు వంటి ప్రశ్నపదం ఉంటే అది రాదు. ‘ఓడ ఎప్పుడు వస్తుందా?’ అని ఎవరినీ అడగం. కానీ ‘ఓడ ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూశారు’ అంటాం. అడగడం ఆగి మనసులో తర్కించుకోవడం మొదలైనచోట ఆ హద్దు సడలుతుంది. ఓకారానికి అదే సొంతిల్లు: ‘ఓడ ఎప్పుడు వస్తుందో’, ‘ఉక్కో ఇనుమో’, ‘ఎవరో’. ‘ఎదురుచూశారు’ ముందు ‘వస్తుందా అని’, ‘వస్తుందో అని’ రెండూ చెల్లుతాయి. మొదటిదానిలో ఆత్రం, రెండోదానిలో అనుమానం కాస్త ఎక్కువ వినబడతాయి.