పదేళ్లు అనుకుని ఆరేళ్లకే తుక్కైన మా పాల కూలర్

మన సమాఖ్య ఆఫీసు పక్క షెడ్డులో నేల మీద నాలుగు బోల్టు గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. కొత్తగా చేరిన సభ్యులు అవేంటని అడుగుతుంటారు. అక్కడ వెయ్యి లీటర్ల పాల కూలర్ ఉండేది. అది ఎలా వచ్చింది, ఎలా పోయింది, దాని లెక్క ఎలా తేల్చుకున్నాం అన్నది ఇక్కడ రాసి పెడుతున్నాం.

2011 ఏప్రిల్‌లో 6,00,000 రూపాయలకు కొన్నాం. పదేళ్లు పనిచేస్తుందని, చివర్లో తుక్కు కింద 60,000 వస్తుందని అంచనా వేసుకున్నాం. మిగతా 5,40,000ను పదేళ్లకు పంచి, ఏటా 54,000 తరుగుదల రాస్తూ వచ్చాం. సాయంత్రం పోసిన పాలు వెచ్చగా 35 డిగ్రీల దగ్గర ఉంటాయి. వాటిని మూడు గంటల్లో 4 డిగ్రీలకు దించడమే ఆ మిషను పని. నాలుగేళ్లు ఏ పేచీ లేకుండా నడిచింది.

అయిదో ఏడు నుంచి చల్లబడటానికి నాలుగు గంటలు, తర్వాత అయిదు గంటలు పట్టడం మొదలైంది. మెకానిక్ వచ్చి గ్యాస్ తగ్గిందని నింపి వెళ్లేవాడు. రెండు మూడు నెలలు బాగుండి మళ్లీ అదే కథ. అలా నాలుగుసార్లు, సారికి 9,000 చొప్పున పెట్టాం. టెంపరేచర్ పుస్తకంలో రోజూ రాస్తూనే ఉన్నాం గానీ, పాత పేజీలు పక్కన పెట్టుకుని ఎవరం చూడలేదు. చూసి ఉంటే, గ్యాస్ నింపిన ప్రతిసారీ బాగున్న రోజులు తగ్గిపోతున్నాయని అప్పుడే తెలిసేది. గ్యాస్ దానంతటది అరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే.

2017 మార్చిలో ఒక రాత్రి ట్యాంకులో పాలన్నీ పులిశాయి. పొద్దున టాంకర్ వాళ్లు పరీక్ష చేసి తీసుకోం అన్నారు. పాలు పోసినవాళ్లకు డబ్బు సమాఖ్యే ఇచ్చుకుంది. అప్పుడు ఇంకో మెకానిక్‌ను పిలిపించాం. ఆయన పైపుల అతుకుల మీద సబ్బు నీళ్లు రాశాడు, ఎక్కడా బుడగ రాలేదు. తర్వాత పైపులు మూసేసి, ట్యాంకు అడుగు రేకుల్లోకి మాత్రమే నైట్రోజన్ ఎక్కించి వదిలాడు. తెల్లారేసరికి ప్రెషరు పడిపోయింది. గ్యాస్ తిరిగే ఆ రెండు రేకుల వెల్డింగులోనే చిల్లు పడింది. దాని కింద ఫోమ్, ఆ కింద బయటి రేకు. అంతా కోస్తే తప్ప చిల్లు దొరకదు. ఫ్యాక్టరీకి పంపి బాగు చేయించడానికి 1,90,000 అవుతుందన్నారు. గ్యారంటీ మాత్రం ఒక్క ఏడాదే.

సర్వసభ్య సమావేశంలో పెద్ద వాదనే జరిగింది. "పుస్తకంలో ఇంకా 2,76,000 ఉంది కదక్కా, అంత సొమ్ము ఎట్లా పారేస్తాం? బాగు చేయిద్దాం" అన్నారు చాలామంది. ఆరేళ్ల తరుగుదల 3,24,000 పోగా మిగిలిన అంకె అది. మన అకౌంటెంటు అక్క అప్పుడు ఒక మాట అడిగింది: "ఆ 2,76,000 పెట్టెలో ఉందా?" లేదు. అది 2011లోనే ఖర్చైపోయింది. బాగు చేయించినా తిరిగి రాదు, చేయించకపోయినా తిరిగి రాదు. తేల్చుకోవాల్సింది, ఒక్క ఏడాది గ్యారంటీకి 1,90,000 పెట్టాలా వద్దా అన్నదే. వద్దని తీర్మానం చేశాం.

ముగ్గురు తుక్కు వ్యాపారుల దగ్గర ధర అడిగాం. స్టీలు తూకానికి, కంప్రెసర్ విడిగా కలిపి 58,000 వచ్చింది. కోత కూలి 4,000 పోగా 54,000 మిగిలింది. అంటే 2,22,000 నష్టం.

ఆ ఏడాది మిగులు 1,70,000. నష్టం అంతా ఒకేసారి రాస్తే 52,000 లోటు తేలుతుంది, సభ్యులకు బోనస్ ఉండదు. "మిషను ఉన్నట్టే ఉంచి, మిగిలిన నాలుగేళ్లూ కొంచెం కొంచెం రాసుకుందాం సార్" అని ఆడిటరును బతిమాలాం. ఆయన ఒప్పుకోలేదు. "మిషను షెడ్డులో లేదు, ఆస్తుల్లో ఎట్లా చూపిస్తారమ్మా? వచ్చే ఏడు చేరే సభ్యురాలు తాను వాడని కూలర్‌కు నష్టం ఎందుకు మోయాలి?" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. స్థిరాస్తుల రిజిస్టర్‌లో ఆ వరుస కొట్టేసి, తీర్మానం నంబరు రాసి, నష్టం మొత్తం ఆ ఏడాదికే వేశాం. బోనస్ ఇవ్వలేదు. గ్రామ సంఘాల్లో మాటలు పడ్డాం.

ఇప్పుడు వెనక్కి చూస్తే, ఆ నష్టం 2017 మార్చిలో పుట్టింది కాదు. ఆరేళ్ల మిషనుకు పదేళ్ల లెక్క కట్టినందుకు ప్రతి ఏడూ మిగులు కాస్త ఎక్కువ కనిపించింది, దాంట్లోంచే బోనసులూ పంచుకున్నాం. ఆ తర్వాత కొన్న కూలర్‌కు ట్యాంకును, కంప్రెసర్‌ను వేరుగా రాసి, వేరు వేరు ఆయుష్షు కట్టాం. ఏటా మార్చిలో టెంపరేచర్ పుస్తకం ముందు పెట్టుకుని, ఆ ఆయుష్షు ఇంకా సరిపోతుందా అని చూసుకున్నాకే తరుగుదల రాస్తున్నాం.