భంగు

భంగు అనునది గంజాయి మొక్క ఆకులను నూరి తయారుచేసే మత్తు పదార్థము. ఈ ముద్దను పాలలోనో, మజ్జిగలోనో కలిపి త్రాగే పానీయానికి కూడా ఇదే పేరు వాడుకలో ఉన్నది. ఉత్తర భారతదేశంలో, ముఖ్యంగా వారణాసి, మథుర, ఉజ్జయిని ప్రాంతాలలో హోలీ, మహాశివరాత్రి పండుగలకు దీనిని సేవించే ఆచారం కలదు. శివునికి ప్రీతికరమైనదన్న నమ్మకం వలన దీనిని మద్యంతో సమానంగా చూడరు. సంవత్సరమంతా ఏ మత్తూ ముట్టనివారు కూడా పండుగనాడు ఒక గ్లాసు పుచ్చుకుంటారు. మొదటిసారి త్రాగినవారిలో చాలామంది ఊహించని తీవ్రతకు లోనై భయపడటానికి భంగు కొలతలోని అనిశ్చితి, దాని ప్రభావం ఆలస్యంగా మొదలుకావడం ముఖ్య కారణాలు.

పేర్లు, రూపాలు

సంస్కృతంలో భంగ, విజయ అనే పేర్లు, హిందీలో బూటీ, బెంగాలీలో సిద్ధి అనే పేర్లు దీనికి ఉన్నాయి. తెలుగులో గంజాయి అనే మాట మొక్కకూ, దాని మత్తు పదార్థాలన్నిటికీ వాడటం వలన కొంత గందరగోళం కలుగుతుంది. స్థూలంగా ఈ మొక్క నుండి మూడు పదార్థాలు వస్తాయి. ఆకులు భంగు, ఆడమొక్క పూలగుత్తులు గంజాయి, పూలగుత్తులకు అంటుకొని ఉండే జిగురు చరస్. మత్తునిచ్చే టి.హెచ్.సి. అనే రసాయనం ఆకులలో తక్కువగాను, పూలలో ఎక్కువగాను, జిగురులో మరింత ఎక్కువగాను ఉంటుంది. ఈ కారణంగానే భంగు సౌమ్యమైనదని పేరుపడింది. ఆకును ఆకుతో పోల్చినపుడు ఈ మాట నిజమే. కాని త్రాగేవాని కడుపులోకి వెళ్ళేది ఒక ఆకు కాదు, గుప్పెడు ఆకుల ముద్ద.

తయారీ విధానం

ఆకులను నీటిలో నానబెట్టి, మురికి పోయేవరకు పలుమార్లు కడిగి, రాతిమీద మెత్తగా నూరుతారు. వారణాసిలో ఈ నూరడాన్ని ఒక నేర్పుగా పరిగణిస్తారు. ముద్ద ఎంత మెత్తగా ఉంటే అంత మేలని అంటారు. దానిని చిన్న ఉండలుగా చేసి అలాగే మ్రింగడం ఒక పద్ధతి. బాదంపప్పు, గసగసాలు, సోంపు, మిరియాలు, ఏలకులు, పుచ్చగింజలు, గులాబీ రేకులు నూరి చక్కెరతో పాలలో కలిపిన ఠండాయి అనే చల్లని పానీయంలో ఆ ముద్దను కలపడం మరొక పద్ధతి. పెరుగును చిలికి చేసే లస్సీలో కలపడం కూడా ఉన్నది. కొందరు ఆకును పాలలో మరగబెడతారు, కొందరు నేతిలో వేయిస్తారు, మరికొందరు పచ్చిగానే కలుపుతారు. పకోడీలు, లడ్డూలు, మాజూన్ అనే పాకపు బిళ్ళల రూపంలో కూడా ఇది దొరుకుతుంది.

కలకత్తాలో వైద్యుడుగా పనిచేసిన విలియం ఓషానెసీ 1839లో ఈ మొక్కపై వెలువరించిన వ్యాసంలో అప్పటి కొలతను నమోదు చేశాడు. మిరియాలు, దోసగింజలు, చక్కెర, పాలు కలిపి నూరిన సుమారు మూడు తులాల ఆకు (దాదాపు 35 గ్రాములు) అలవాటున్న మనిషికి మత్తెక్కించడానికి చాలుననీ, కొత్తవారికి అందులో సగం సరిపోతుందనీ ఆయన వ్రాశాడు. కొత్తవారి మోతాదు వేరన్న సంగతి అప్పటికే తెలిసి ఉండటం గమనించదగినది. అయితే ఇక్కడ కొలిచినది ఆకు బరువు మాత్రమే. ఆ ఆకులో మత్తు ఎంత ఉన్నదో కొలిచే సాధనం అప్పుడు లేదు. నేటికీ పండుగ పందిళ్ళలో అది కొలవబడటం లేదు.

మోతాదులోని అనిశ్చితి

ఒకే ఊరిలో, ఒకే పరిమాణంలో అమ్మిన రెండు గ్లాసుల మధ్య ఎంత తేడా ఉండగలదో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. పది గ్లాసుల ఠండాయిలో 20 గ్రాముల ఎండుటాకు పొడి కలిపారనుకుందాం. సమంగా కలిస్తే ఒక్కొక్క గ్లాసుకు 2 గ్రాముల ఆకు వస్తుంది. ఆకులో టి.హెచ్.సి. అరశాతం ఉంటే గ్లాసులో 10 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆకుతోపాటు పూలగుత్తులు కూడా కలిసి, సగటు రెండు శాతానికి చేరితే అదే గ్లాసులో 40 మిల్లీగ్రాములు ఉంటుంది. రంగు, రుచి, చిక్కదనం మాత్రం మారవు. పోలికకు చెప్పాలంటే, చట్టబద్ధంగా అమ్మకాలున్న కెనడాలో తినే గంజాయి పదార్థపు ఒక్కొక్క ప్యాకెట్టులో 10 మిల్లీగ్రాములకు మించి ఉండరాదు. కొత్తవారికి సాధారణంగా సూచించేది రెండున్నర మిల్లీగ్రాములే.

ఈ లెక్కను తారుమారు చేసే మరొక అంశం వేడి. పచ్చి ఆకులో ఈ రసాయనం చాలావరకు ఆమ్ల రూపంలో ఉంటుంది. ఆ రూపానికి మత్తునిచ్చే గుణం లేదు. ఎండబెట్టినపుడు, నిలవ ఉంచినపుడు కొంత, మరిగించినపుడు లేదా వేయించినపుడు మరింత భాగం మత్తునిచ్చే రూపంలోకి మారుతుంది. కనుక నిరుడు పచ్చి ఆకుతో చేసిన ఠండాయి రెండు గ్లాసులు త్రాగి ఏమీ కాలేదనుకున్న వ్యక్తి, ఈ ఏడు పాలలో మరగబెట్టినది ఒక్క గ్లాసు త్రాగి పడిపోవచ్చును. తన శరీరం మారిందని అతడు అనుకుంటాడు. మారింది వంట విధానం.

మూడవది కలపడంలోని అసమానత. టి.హెచ్.సి. నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందువలన అది పాలమీగడలోను, ఆకు నలుసులలోను నిలిచి ఉంటుంది. బిందెను కదపకుండా ఉంచితే మీగడ పైకి, నలుసులు అడుగుకు చేరతాయి. నడిమి భాగంనుండి పోసిన గ్లాసుకు, చివరగా అడుగు మడ్డితో పోసిన గ్లాసుకు పోలిక ఉండదు.

ప్రభావం ఆలస్యం కావడం

పొగరూపంలో పీల్చిన గంజాయి ఊపిరితిత్తులనుండి రక్తంలో కలిసి కొద్ది నిమిషాలలోనే మెదడును చేరుతుంది. పీల్చేవాడు చాలుననుకున్నప్పుడు ఆపగలుగుతాడు. త్రాగినపుడు ఇది జీర్ణాశయం, ప్రేగులు, కాలేయం దాటి రావాలి. సాధారణంగా అరగంటనుండి రెండు గంటలవరకు ఏమీ తెలియదు. రెండునుండి నాలుగు గంటలకు ప్రభావం పతాకస్థాయికి చేరుతుంది. ఆరు గంటలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. కాలేయంలో టి.హెచ్.సి. కొంతభాగం మరొక పదార్థంగా మారుతుంది. ఈ క్రొత్త పదార్థం కూడా మత్తునిచ్చేదే, మెదడులోకి సులభంగా చొరబడేదే. పొగ అలవాటున్నవారు కూడా భంగు త్రాగి కంగారుపడటానికి ఇదొక కారణం. ఈ మార్పు వేగం మనిషి మనిషికీ, వంశపారంపర్యంగా వచ్చిన ఎంజైముల తేడాను బట్టి మారుతుంది.

పండుగనాడు సంభవించే ప్రమాదం ఈ ఆలస్యంలోనే ఉన్నది. ఉదయం పది గంటలకు ఒక గ్లాసు త్రాగిన వ్యక్తికి పదకొండు వరకు ఏ మార్పూ తెలియదు. ప్రక్కనున్నవారు నవ్వుతారు, పానీయం తీపిగా ఉంటుంది, కనుక రెండవ గ్లాసు పుచ్చుకుంటాడు. పదకొండున్నరకు మొదటి గ్లాసు పని మొదలుపెడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు రెండూ కలిసి పనిచేస్తాయి. అప్పటికి త్రాగినదానిని వెనక్కు తీసుకునే మార్గం లేదు. శివరాత్రి ఉపవాసంలో ఖాళీ కడుపుతో త్రాగితే ప్రభావం త్వరగా మొదలుకావచ్చు. కొవ్వు ఎక్కువగా గల భోజనంతో తీసుకుంటే ఆలస్యమైనా శరీరంలోకి చేరే మొత్తం పెరుగుతుంది. మద్యంతో కలిస్తే తీవ్రత మరింత హెచ్చుతుంది.

ఒక చారిత్రక ఉదాహరణ

ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ 1669–1679 మధ్య బంగాళాఖాత తీర దేశాలను గురించి వ్రాసిన గ్రంథం 1905లో అచ్చయినది. అందులో తానూ, మరికొందరు నావికులూ కలిసి బజారునుండి తెప్పించిన భంగు పానీయాన్ని తలా ఒక పింటు (అరలీటరుకు పైగా) త్రాగిన సంగతి ఉన్నది. తమ వింత చేష్టలు వీధిన పడకుండా ముందే తలుపులు, కిటికీలు మూయించారు. కొంతసేపటికి ఒకడు నేలమీద కూర్చొని మధ్యాహ్నమంతా ఏడ్చాడు. మరొకడు భయంతో పెద్ద జాడీలో తల దూర్చి నాలుగు గంటలు అలాగే ఉన్నాడు. నలుగురైదుగురు తివాచీలపై పడుకొని తమను తాము చక్రవర్తులుగా భావించుకొని ఒకరినొకరు పొగుడుకున్నారు. ఒకడు కొయ్య స్తంభంతో పోరాడి వ్రేళ్ళ కణుపుల చర్మం ఊడగొట్టుకున్నాడు. బౌరీ మాత్రం మరొకరితో కలిసి మూడు గంటలపాటు చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

ఒకే కొలత, ఒకే గది, ఒకే సమయం, అయినా ఇన్ని రకాల ఫలితాలు కలిగాయి. వారు వీధిలోకి పోకుండా జాగ్రత్తపడటం తెలివైన పని. నేటి హోలీ జనసమ్మర్దంలో ఆ సౌకర్యం తక్కువ.

కలిగే అనుభూతులు

మితంగా తీసుకున్నవారికి నవ్వు, ఆకలి, తేలికదనం కలుగుతాయి. అధికమైనపుడు గుండె వేగంగా కొట్టుకొనడం, నోరెండిపోవడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, వాంతులు, కాలం ఆగిపోయినట్లు తోచడం, ఎవరో తనను గమనిస్తున్నారన్న అనుమానం, చనిపోతున్నానన్న భయం కలుగుతాయి. కాలభ్రమ వలన పది నిమిషాలు ఒక పూటలాగా తోస్తాయి. ఈ స్థితి ఇక ఎన్నటికీ తొలగదన్న భయం దీనినుండే పుడుతుంది. అలవాటున్నవారికి శరీరం ఓర్చుకొనే శక్తితోపాటు ఇది తగ్గిపోతుందన్న అనుభవం కూడా ఉంటుంది. కొత్తవారికి ఆ రెండూ ఉండవు. తెలియకుండా మిఠాయిలో తిన్నవారి పరిస్థితి మరింత కష్టం, ఎందుకంటే తమకేమవుతున్నదో కూడా వారికి తెలియదు.

ఇటువంటివారిని సందడికి దూరంగా కూర్చోబెట్టి, తోడుగా ఒకరుండి, కొన్ని గంటలలో తగ్గుతుందని చెప్పడం ఉపకరిస్తుంది. మగతగా ఉన్నవారిని ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి, బలవంతంగా వాంతి చేయించరాదు, వాహనం నడపనివ్వరాదు. నిమ్మరసం, ఊరగాయ వంటి పులుపు విరుగుడని ప్రచారంలో ఉన్నా అది నిరూపితం కాలేదు. నెయ్యి త్రాగించడం సరికాదు, కడుపులో మిగిలినది మరింతగా ఒంటబట్టవచ్చును. స్పృహ తప్పడం, మూర్ఛ, ఛాతీనొప్పి, ఆగని వాంతులు ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. చిన్నపిల్లలు తింటే లక్షణాలకోసం ఎదురుచూడరాదు, వారిలో దీర్ఘనిద్ర, శ్వాస మందగించడం సంభవించవచ్చు.

మత్తు పెంచడానికి కొందరు ఉమ్మెత్త గింజలు కలపడం కూడా ఉన్నది. ఇది వేరే విషం. కనుపాపలు బాగా విప్పారి చూపు మసకబారడం, ఒళ్ళు కాలుతున్నా చెమట పట్టకపోవడం, మూత్రం బిగించడం, లేని వస్తువులను పట్టుకోబోవడం దీని గుర్తులు. ఈ స్థితి తనంతట తగ్గుతుందని వేచి ఉండటం ప్రాణాపాయం.

చట్టం

1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని గంజాయి నిర్వచనం పూలగుత్తులకు, కాయగుత్తులకు వర్తిస్తుంది. గుత్తులు కలియని ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. కాబట్టి భంగు నియంత్రణ రాష్ట్రాల పాలైనది. ఉత్తర ప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలలో అనుమతి పొందిన భంగు దుకాణాలున్నాయి. ఆకు గుత్తులతో కలిసినదా, లేదా అన్నదానిపై కేసు ఆధారపడటం వలన, దుకాణపు ముద్దకూ వీధి ముద్దకూ ఉన్న తేడా కొనేవానికి కనబడకపోయినా చట్టానికి ముఖ్యమవుతుంది.

తెలుగు ప్రాంతాలలో ఈ ఆచారం విస్తృతం కాదు. ఉత్తరాదినుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలున్న హైదరాబాదు పాతబస్తీ పరిసరాలలో హోలీకి కనిపిస్తుంది. 2025 హోలీ సమయంలో ధూల్‌పేటలో గంజాయి కలిపిన కుల్ఫీలు, బర్ఫీలను ఎక్సైజు సిబ్బంది స్వాధీనం చేసుకున్నారు. కాశీయాత్రకు వెళ్ళే తెలుగు యాత్రికులకు ఠండాయి అంగళ్ళలో ఇది ఎదురవుతుంది. అక్కడ భంగు కలపని సాదా ఠండాయి కూడా అమ్ముతారు. కొనేముందు ఏది కావాలో విడిగా చెప్పవలసి ఉంటుంది.